మూల నక్షత్రం అని రాయగానే ఫోన్లు ఆగిపోతున్నాయి. పాదం ఎవరూ అడగరా?

పెనమలూరు_అక్క
మా చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. ఎంటెక్ చేసింది, హైదరాబాద్‌లో ఉద్యోగం. నక్షత్రం మూల, నాలుగో పాదం. మ్యాట్రిమోనీ సైట్లో ప్రొఫైల్ పెట్టినప్పుడు నక్షత్రం గడి ఖాళీగా వదిలేశాం, రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసేవాళ్ళు. జాతకం లేకుండా ఎలా అని అందరూ అడుగుతుంటే నాన్న కూర్చుని అన్నీ నింపారు. అప్పటినుంచి ఫోన్ మోగడమే తగ్గిపోయింది. వచ్చిన ఒకటీ అరా కూడా "నక్షత్రం చూసుకోలేదండీ, ఏమీ అనుకోకండి" అని పెట్టేస్తున్నారు. ఒకావిడైతే "మా ఆయనకి స్టెంట్లు వేశారమ్మా, మూల పిల్లని తెచ్చుకునే ధైర్యం లేదు" అని మొహమాటం లేకుండా చెప్పింది. మా చెల్లి ఆ స్పీకర్ ఫోన్ పక్కనే ఉంది.

నాలుగో పాదానికి దోషం లేదని చిన్నప్పటినుంచి ఇంట్లో వింటూనే ఉన్నాం. మరి అది ఎవరికీ పట్టదా? నక్షత్రం తీసేసి మళ్ళీ ఖాళీగా పెట్టమంటారా?

హేతువు_హరి
తీసేయండి అక్కా. పుట్టిన టైం చూసి మనిషిని కొలిచేవాళ్ళ ఇంట్లోకి పంపి ఏం బాగుపడతాం?

భక్తి_భారతి
మూలా నక్షత్ర జనన శాంతి చేయించండి. నవగ్రహ హోమం, తైలావలోకనం, అన్నీ పద్ధతిగా చేసేవాళ్ళు ఉన్నారు. దోషం పోతుంది.

పెనమలూరు_అక్క
భారతిగారూ, పుట్టిన 27వ రోజున మళ్ళీ అదే నక్షత్రం వచ్చినప్పుడు తాతగారు దగ్గరుండి చేయించారు. నేను అడిగేది శాంతి గురించి కాదండీ. మమ్మల్ని చూడకముందే పక్కన పెట్టేస్తున్నారు, దాని గురించి.

కరీంనగర్_సాగర్
ఆడపిల్లలకే అనుకుంటున్నరు గానీ మా తాన కూడ గదే కథ అక్కా. నాకు కుజదోషం అని సైటోడే రిపోర్ట్ ఇచ్చిండు. లగ్నం నుంచి చూస్తే లేదు, చంద్రుని నుంచి లేదు, శుక్రుని నుంచి రెండో ఇంట్ల కుజుడు ఉన్నడట. దోషం గడిల 'ఉంది', 'లేదు', 'తెలియదు' అని మూడే ఉంటయి. ఎక్కడినుంచి ఉన్నదో రాయనీకి జాగ ఏది? 'ఉంది' పెట్టిన. గంతే, అమ్మాయిలోల్లు 'లేదు' అని టిక్ పెడితే నా మొకం గూడ కనవడది.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
మా నాన్నగారు సిద్ధాంతి, నేను లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ణి. రెండువైపులా తెలుసు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

పెనమలూరు అమ్మాయీ, మీ ఇంట్లో విన్నది సరైనదే. ఈ నక్షత్రాల భయం అంతా ముహూర్త గ్రంథాల్లోని ఒకటి రెండు శ్లోకాల మీద నిలబడింది. ఆశ్లేష అత్తగారికి, మూల మామగారికి, జ్యేష్ఠ భర్త అన్నగారికి, విశాఖ మరిదికి కీడు అని అక్కడ ఉంది. వెంటనే దాని కిందే మినహాయింపు కూడా ఉంది. మూల చివరి పాదం, ఆశ్లేష మొదటి పాదం శుభం, విశాఖ మొదటి మూడు పాదాలు మరిదికి సుఖం అని. ఇంకో సంగతి. మూల, ఆశ్లేషల విషయంలో ఆ శ్లోకం అబ్బాయికీ అమ్మాయికీ కలిపే చెప్పింది. మూలలో పుట్టిన అబ్బాయి వల్ల అమ్మాయి తండ్రికి కీడు అని ఎవరైనా సంబంధం వదులుకోవడం మీరు చూశారా? నేను చూడలేదు. సగం శ్లోకం పట్టుకుని, అందులోనూ ఆడపిల్ల సగం మాత్రం పట్టుకుని తిరుగుతున్నారు.

సైటులో ఏం జరుగుతుందంటే, ఫిల్టరుకు నక్షత్రం పేరు మాత్రమే తెలుసు. పాదం గడి ఉన్నా దాని మీద వెతుకులాట సాగదు. అందుకని నాలుగు పాదాలూ ఒకే దెబ్బకి పోతాయి.

ఏలూరు_నాన్న
నేను అబ్బాయి తండ్రిని. మమ్మల్ని మరీ రాక్షసుల్లా చూడకండి. సైటు తెరిస్తే కుప్పలుగా ప్రొఫైళ్ళు. దేన్నో ఒకదాన్ని పట్టుకుని తగ్గించుకోవాలి కదా. మా అన్నయ్యగారు ఇవేవీ పట్టించుకోకుండా మూల పిల్లని కోడలిగా చేసుకున్నారు, ఏడాది తిరక్కుండానే పోయారు. ఆ తర్వాత మా వదిన నోటికి భయపడి ఆ పిల్ల పడిన బాధ నేను కళ్ళారా చూశాను. అలాంటిది మా ఇంట్లో వద్దనుకుంటే తప్పా?

హేతువు_హరి
@ఏలూరు_నాన్న, మీ అన్నయ్యగారి ఆరోగ్యం అంతకుముందు ఎలా ఉండేది?

ఏలూరు_నాన్న
షుగరు, కిడ్నీ. డయాలసిస్ మీద ఉన్నారు. తెలుసు బాబూ, నేనూ ఆ పిల్లదే తప్పు అనడం లేదు. రేపు నాకేదైనా అయితే మా ఇంట్లో ఆడవాళ్ళు ఏమంటారో అదీ తెలుసు.

పెళ్ళిసంబంధాల_వదిన
విజయనగరంలో చిన్న పెళ్ళి సంబంధాల బ్యూరో నడుపుతాను. ఏలూరు బాబాయిగారు చెప్పిన రెండో మాటే అసలు మాట. చాలామందికి శ్లోకం మీద నమ్మకం కన్నా ఇంట్లో మాటలు పడతాయన్న భయం ఎక్కువ.

జల్లెడ ఎలా పడుతుందో చెప్తాను, సైటు ఒక్కటే కాదు. అబ్బాయి తరఫువాళ్ళు ముందు తమ సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళి 'కలిసే నక్షత్రాలు' అని ఒక చీటీ రాయించుకుంటారు. తొమ్మిదో పదో పేర్లు ఉంటాయి. ఆ చీటీ ఫోటో తీసి నాకు పంపి "వదినగారూ, ఈ నక్షత్రాలవే పంపండి" అంటారు. సైటులో కూడా ఆ పేర్లకే టిక్ పెడతారు. మూల వద్దని వాళ్ళు ప్రత్యేకంగా అనుకోరు, చీటీలో లేదంతే. ఈ అమ్మాయి బాగుందండీ, ఒకసారి చూడండి అని నేను ఫోటో పంపితే ఆగి ఆలోచించేవాళ్ళు కూడా సైటులో ఆ అమ్మాయిని ఎప్పటికీ చూడరు.

ఇంకోటి. "నక్షత్రం కుదరలేదు" అని వచ్చిన ప్రతి జవాబూ నిజం కాదు. జీతం నచ్చకపోయినా, ఇల్లు లేకపోయినా, అమ్మాయి రంగు తక్కువనిపించినా అదే చెప్తారు. ఎవరి మనసూ నొప్పించని మాట కదా. తేడా నాకు ఇట్టే తెలుస్తుంది. బయోడేటా వెళ్ళగానే పుట్టిన టైం అడిగి మర్నాడు కాదంటే అది నిజంగా జాతకమే. ఫోటో చూసి, జీతం అడిగి, సొంతిల్లా అద్దిల్లా అని అడిగి, ఆ తర్వాత వారానికి "నక్షత్రం..." అంటే అది వేరే.

మైలాపూర్_తెలుగు
మా చెన్నై తెలుగువాళ్ళలో 36 గుణాలు ఎవరూ అడగరు. దశ పొంతనలే, అందులోనూ రజ్జు. మృగశిర, చిత్త, ధనిష్ఠ, ఈ మూడింటికీ శిరోరజ్జు, ఒకదానికొకటి పనికిరావు. మా మేనకోడలికి గుంటూరు సంబంధం వచ్చింది. వాళ్ళ లెక్కలో గుణాలు బ్రహ్మాండం, మా అక్క లెక్కలో రజ్జు తగిలింది. ఒకే జంట, కృష్ణానది పక్కన కలిసింది, అడయారు పక్కన కలవలేదు.

కరీంనగర్_సాగర్
కుజదోషం 28 ఏండ్లు దాటితే పోతదంటరు కదా మాస్టారూ? నాకు 33.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
సాగర్ బాబూ, అలా అనేవాళ్ళు ఉన్నారు, కానీ అది నోటిమాటగా నడిచేదే. గట్టిగా నిలబడే మినహాయింపులు వేరే ఉన్నాయి. కుజుడు రెండో ఇంట్లో ఉన్నా ఆ ఇల్లు మిథునమో కన్యో అయితే దోషం లేదంటారు. నాలుగో ఇల్లు మేష వృశ్చికాలైతే లేదు, ఏడో ఇల్లు కర్కాటక మకరాలైతే లేదు, ఎనిమిదికి ధనుర్మీనాలు, పన్నెండుకు వృషభ తులలు. నీ శుక్రుడి నుంచి రెండో ఇల్లు ఏ రాశో చూసుకో. సైటు రిపోర్టులు ఇవన్నీ చూస్తాయన్న హామీ లేదు, 'ఉంది' అని ముద్ర వేసేస్తాయి.

లెక్క కూడా ఒకటి వేసి చూపిస్తాను. రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు, ఈ ఐదిళ్ళలో కుజుడుంటే దోషం. పన్నెండిళ్ళలో ఐదు, అంటే లగ్నం నుంచి మాత్రమే చూసినా నూటికి నలభై మందికి పైగా పడుతుంది. లగ్నం, చంద్రుడు, శుక్రుడు మూడింటి నుంచీ చూసి ఎక్కడ తగిలినా దోషమే అంటే, తప్పించుకునే అవకాశం పన్నెండింట ఏడు, మూడుసార్లు హెచ్చించాలి. సుమారు ఐదింట ఒక వంతు. నూటికి ఎనభై మందికి ఏదో ఒక దిక్కునుంచి దోషం ఉన్నట్టే. అందుకే పాతవాళ్ళు ఇద్దరికీ ఉంటే సరిపోయిందని తేల్చేసేవారు. 'లేదు' అని టిక్ పెట్టిన అమ్మాయి తల్లిదండ్రులు తమ పిల్ల జాతకం మూడువైపులా చూపించి ఉండకపోవచ్చు.

కరీంనగర్_సాగర్
ఎనభై శాతమా! మల్ల ఇన్ని దినాలు నేనొక్కన్నే దోషం మనిషి లెక్క తిరిగిన.

డాలస్_రవళి
మా అమ్మాయి అనుభవం చెప్తాను, పుట్టిన వివరాలు నింపేవాళ్ళు జాగ్రత్తపడతారని. పిల్ల ఇక్కడే పుట్టింది, జూలైలో రాత్రి 10:40కి. గుంటూరులో మా మామగారు ప్రొఫైల్ పెడుతూ పుట్టిన ఊరు గడిలో స్వగ్రామం అనుకుని గుంటూరు అని పెట్టారు, టైం 10:40 అనే ఉంచారు. మూల మూడో పాదం అని వచ్చింది. సంబంధాలు రాకపోతే పిల్ల ఉద్యోగం చూసి రావట్లేదనుకున్నాం. ఒక సిద్ధాంతిగారు ఊరు అడిగితే అప్పుడు బయటపడింది. ఎండాకాలం టైం ప్రకారం మాకూ ఇండియాకూ పదిన్నర గంటలు తేడా. అసలు పిల్ల పుట్టినప్పుడు గుంటూరులో మర్నాడు ఉదయం 9:10. నిజానికి పూర్వాషాఢ మొదటి పాదం. లగ్నం సంగతి చెప్పక్కర్లేదు, మొత్తం జాతకమే వేరే మనిషిది.

పెనమలూరు_అక్క
అయ్యో రవళిగారూ. మరి ఇప్పుడు సంబంధాలు వస్తున్నాయా?

డాలస్_రవళి
వస్తున్నాయండీ. అదే పిల్ల, అదే ఫోటో. నాకు సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
రవళి అమ్మా, చక్కగా చెప్పావు. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది, ఒక పాదానికి ఆరు గంటలు. పదిన్నర గంటలంటే దాదాపు రెండు పాదాలు. మామూలుగా పది నిమిషాల పొరపాటుకి నక్షత్రం మారదు, సరిహద్దులో ఉంటే తప్ప. పెనమలూరు అమ్మాయీ, మీ చెల్లి పుట్టిన టైం ఎంత? ఆ రోజు మూల ఎప్పటిదాకా ఉంది? ఏ తేదీ అన్నది ఇక్కడ రాయకు.

పెనమలూరు_అక్క
ఆసుపత్రి కార్డులో ఉదయం 5:50 అని ఉంది. తాతగారి పాత పంచాంగంలో ఆ పేజీ మడిచి పెట్టి ఉంది మాస్టారూ, మూల ఉ. 7:20 వరకు, పక్కన పెన్సిలుతో '4' అని గుండ్రంగా చుట్టారు.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
అయితే రాత్రి ఒంటిగంట ఇరవై ప్రాంతం నుంచి 7:20 దాకా నాలుగో పాదం. కార్డులో టైం గంట అటూ ఇటూ అయినా నాలుగే, అందులో సందేహం లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, తర్వాత ఎవరో చెప్తే కంగారు పడతావు. రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే లెక్కని అయనాంశ అంటారు. ఎక్కువమంది లాహిరి అయనాంశ వాడతారు. రామన్ అయనాంశ వాడేవాళ్ళూ ఉన్నారు. రెండింటికీ దాదాపు ఒకటిన్నర డిగ్రీ తేడా, చంద్రుడి నడకలో రెండున్నర గంటల పైమాట. మీ చెల్లికి నక్షత్రం మారడానికి గంటన్నరే మిగిలి ఉంది. అంటే రామన్ లెక్కలో మీ చెల్లి పూర్వాషాఢ మొదటి పాదం.

హేతువు_హరి
ఇంకేం అక్కా, పూర్వాషాఢ అని పెట్టేయండి! అబద్ధం కూడా కాదు.

ఏలూరు_నాన్న
అది మాత్రం చేయకమ్మా. మేము మా సిద్ధాంతిగారికి తేదీ, టైం ఇస్తాం, ఆయన వేసుకుంటే మూల వస్తుంది. దాచారు అనుకుంటాం. అప్పుడు నక్షత్రం కన్నా అదే పెద్దదైపోతుంది.

హేతువు_హరి
మీరు చూడను కూడా చూడకుండా తీసేస్తారు, వాళ్ళు మాత్రం నిజాయితీగా నిలబడాలి. బాగుందండీ.

మైలాపూర్_తెలుగు
హరి కోపంలో న్యాయం ఉంది. రెండు లెక్కలూ పండితులు వాడేవే అయినప్పుడు తనకు అనుకూలమైనది అమ్మాయి ఎంచుకుంటే తప్పేంటి? మగపిల్లల తల్లిదండ్రులు నలుగురు సిద్ధాంతులకు చూపించి, కలిసిందని చెప్పినాయన మాట పట్టుకోరా?

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
ఎంచుకోవచ్చు, కాకపోతే ఏ లెక్కో రాయాలి. గోరంత అక్షరాల గడిలో అది రాయడానికి చోటుండదు. నేనైతే మూల 4 అనే ఉంచుతాను. ఇందులో నాతో అందరూ ఏకీభవించాలని లేదు.

పెళ్ళిసంబంధాల_వదిన
నా ఉద్యోగంలో చూసింది చెప్తున్నాను. దాచిపెట్టి నమ్మే ఇంట్లోకి పంపిన పిల్లకి ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా భయమే. మామగారు కాలు జారి పడినా అత్తగారు ఈ పిల్ల మొహమే చూస్తుంది. కాబట్టి నక్షత్రం కనపడేలానే ఉంచండి. కానీ గడి మీద ఆధారపడకండి. 'మా గురించి' అని రాసే చోట మొదటి వాక్యంలోనే "మూల 4వ పాదం, జాతకం ఎవరికైనా చూపించుకోవచ్చు" అని రాయండి. వాళ్ళ వెతుకులాటలో మీ ప్రొఫైలు రాకపోయినా మీరే ఇంట్రెస్ట్ పంపితే అది వాళ్ళకి చేరుతుంది, చాలా సైట్లలో. వాళ్ళు మిమ్మల్ని చూసేదాకా ఆగకుండా మీరే ముందు పంపండి. ఆడపిల్లవాళ్ళు ముందు పంపితే చులకన అనుకోకండి, ఆ రోజులు పోయాయి.

పెనమలూరు_అక్క
వదినగారూ, నాన్న దానికి ఒప్పుకోవడం లేదు, "మనమే ఎగబడుతున్నట్టు ఉంటుంది" అంటున్నారు. ఈ పోస్టులు చదివి వినిపిస్తాను.

ఒక మాట చెప్పుకోవాలి. మాది విజయవాడ పక్కనే. దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి సరస్వతీ అలంకారం, తెల్లవారుజాము నుంచీ ఘాట్ రోడ్డంతా జనమే. చెల్లి నక్షత్రం అని మేమూ ప్రతి ఏడూ ఆ లైన్లో నిలబడతాం. ఈసారి రానంది. "ఆ రోజు అంత మంచిదైతే నాకెందుకు చెడ్డది" అని అడిగింది. అమ్మ దగ్గర జవాబు లేదు.

భక్తి_భారతి
చదువుతుంటే కళ్ళు చెమర్చాయమ్మా. నేను ముందు శాంతి అని తేలిగ్గా రాసేశాను. మాదీ జ్యేష్ఠే. జ్యేష్ఠ అంటే పెద్దమ్మాయిని పెద్దబ్బాయికి ఇవ్వకూడదు అని మాకు చెప్పేవారు.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
భారతిగారూ, అది వేరే నియమం. ఇద్దరూ తొలిచూలు పిల్లలైతే జ్యేష్ఠ మాసంలో పెళ్ళి చేయొద్దంటారు, మూడు జ్యేష్ఠలు కలుస్తాయని. నక్షత్రానికి సంబంధం లేదు. ఈ రెండూ కలిపేసి కుదిరిన సంబంధాలు వదులుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

ఏలూరు_నాన్న
రెండు రోజులుగా ఇదే చదువుతున్నాను. మాస్టారూ, మా అబ్బాయి ఉత్తర, రెండో పాదం. మూల నాలుగో పాదం అమ్మాయి అయితే గుణాలు ఎలా ఉంటాయి? ఊరికే అడుగుతున్నాను.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
ఊరికే అడిగినా చెప్తాను. ఉత్తర, మూల రెండూ ఆదినాడి. ఏకనాడి కాబట్టి నాడికి ఉన్న 8 గుణాలూ పోతాయి. మొత్తం 36లో నాడికి 8, రాశికి 7, ఈ రెండే 15. మీకు రాశి కన్య, అమ్మాయిది ధనుస్సు, ఒకవైపు నుంచి లెక్కిస్తే నాలుగోది, రెండోవైపు నుంచి పదోది కాబట్టి ఆ 7 వస్తాయి. మిగతావాటితో 18 దాటుతుందో లేదో మీ పంచాంగంలో పట్టిక చూసుకోండి. ఒక జాగ్రత్త, వరుడు ఏ వరసలో ఉన్నాడో, వధువు ఏ వరసలో ఉందో పైన చదివి మరీ చూడండి. తిరగేసి చూస్తే గణంలోనూ వశ్యంలోనూ అంకెలు మారిపోతాయి, ఇళ్ళల్లో జరిగే పొరపాటు అదే.

ఇంకో సంగతి, ఉన్నవి మూడే నాడులు. గుడ్డిగా ఏ ఇద్దరిని తీసుకున్నా మూడింట ఒకసారి ఏకనాడి పడుతుంది.

ఏలూరు_నాన్న
ఏకనాడి అయితే పిల్లలు పుట్టరన్న భయంతో మా ఆవిడ ఒప్పుకోదు మాస్టారూ. మూలకి ఒప్పించగలనేమో గానీ.

హేతువు_హరి
మామగారి ప్రాణం నుంచి పిల్లల పుట్టుకకి వచ్చాం. ఒక కంచె దాటితే ఇంకో కంచె.

పెళ్ళిసంబంధాల_వదిన
హరీ, ఆయన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు. నాలుగు రోజుల కింద మూల అంటేనే వద్దన్న మనిషి.
బాబాయిగారూ, ఏకనాడికి కూడా మినహాయింపులు చెప్పేవాళ్ళు ఉన్నారు, మీ సిద్ధాంతిగారినే అడగండి. కానీ ఒక్క పని చేయండి. ఆయన దగ్గరికి వెళ్ళేముందు పిల్లలిద్దరినీ ఒకసారి ఫోన్లో మాట్లాడుకోనివ్వండి. మాట్లాడుకున్నాక అడిగే ప్రశ్న వేరేగా ఉంటుంది.

కరీంనగర్_సాగర్
మాస్టారూ, చూపిచ్చుకున్న. శుక్రుని నుంచి రెండో ఇల్లు కన్య. అంటే లేనట్టే కదా? సైట్ల 'లేదు' అని మార్చన్నా?

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
మార్చు. ఎవరైనా అడిగితే కారణం చెప్పు, దాచకు.

ఏలూరు_నాన్న
మా అబ్బాయిని అడిగాను. "ముందు ఫోటో కాదు నాన్నా, ఏం చదివింది, ఎక్కడ పనిచేస్తోంది, అది చెప్పు" అన్నాడు. పెనమలూరు అమ్మాయీ, బయోడేటా ఎలా పంపుతావు?

పెనమలూరు_అక్క
ఇక్కడ నంబర్లు వద్దు బాబాయిగారూ, ప్రైవేట్ మెసేజ్‌లో పంపుతాను. ఏకనాడి సంగతి ముందే పిన్నిగారితో చెప్పేయండి, తర్వాత తెలిసిందని అనకూడదు. చెల్లిని కూడా అడగాలి, మాట్లాడటం ఇష్టమో లేదో. ఈమధ్య ఏ సంబంధం అన్నా ముందు విసుక్కుంటోంది.